రెండో ఫీల్డు బాజీ

నరసరావుపేటలో బాజీకి రెండు పేర్లు పెట్టారు. మొదట విమానాల బాజీ అన్నారు. ఆ తర్వాత రెండో ఫీల్డు బాజీ అన్నారు. మొదటి పేరు సంపాదించుకోవడానికి అతనికి మూడేళ్లు పట్టింది, రెండోది ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. మన ఊళ్ల సంగతి తెలిసిందేగా, మంచి పేరు అరువు లాంటిది, ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటారు. చెడ్డ పేరు మాత్రం సొంతానికి ఇచ్చేస్తారు.

బాజీది మాచర్ల. తండ్రి మోటారు మెకానిక్కు. యుద్ధం రోజుల్లో లారీ తోలడం వచ్చినవాడికి ఎక్కడైనా పని దొరికేది గనుక, ఇరవై రెండేళ్ల బాజీ బొంబాయి వెళ్లి మిలిటరీవాళ్ల దగ్గర డ్రైవరుగా చేరాడు. బొంబాయికి విమానాలు దిగే మైదానాలు రెండు. సముద్రం ఒడ్డున జుహూ, పాతది. కొంచెం లోపలికి శాంతాక్రూజ్, యుద్ధం కోసం కొత్తగా వేసింది. పిట్ట ఎగిరితే ఒకదాని మీంచి ఒకదాని మీదికి చిటికెలో పోతుంది. లారీకి ఆ సుఖం లేదు. మధ్యలో లోకల్ రైళ్ల లైను అడ్డం. గేటు పడిందంటే ఎప్పుడు లేస్తుందో గేటువాడికి కూడా తెలియదు. ఆ రెండు మైదానాల మధ్య బాజీ మూడేళ్లు పెట్రోలు డ్రమ్ములు మోశాడు. చివర్లో ఒక డ్రమ్ము జారి కుడి పాదం మీద పడింది. యుద్ధం అయిపోయింది, పాదం అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. లారీ బ్రేకు తొక్కడానికి పనికిరాని కాలుతో, ఒక దుప్పటితో, ఒక సర్టిఫికెట్టుతో ఇంటికి పంపారు.

అన్నేళ్లు విమానాల నీడలో బతికినవాడు ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఈ మాట అతను దాచుకోలేదు కూడా. "పెళ్లిలో వంటవాడు పీటల మీద కూచుంటాడా" అనేవాడు, ఎవరన్నా ఎగతాళి చేస్తే.

నరసరావుపేటలో భార్య కుల్సుం పుట్టిల్లు. ఆ ఊరి మోటారు షెడ్డులో స్పానర్లు అందిస్తూ రెండేళ్లు గడిపాడు. కుంటివాడికి ఎవరూ పని ఇవ్వలేదని చెప్పడం అన్యాయం, ఇచ్చారు. అయితే ఆ పనికి తగ్గ జీతం కాకుండా కాలికి తగ్గ జీతం ఇచ్చారు.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో సాంబయ్యగారి నుంచి కబురు వచ్చింది.

సాంబయ్యగారంటే పొగాకు వ్యాపారి. ఊరి చుట్టూ పల్లెల్లో ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్లు, గుంటూరులో గోడౌను. ఆ ఏడు లండను కంపెనీ ఒకటి నేరుగా సరుకు కొంటానంది. మనిషి స్వయంగా నమూనాలు పట్టుకుని రావాలి, ఫలానా తారీఖున కూర్చుని మాట్లాడుకుందాం అని రాసింది. ఓడలో వెళితే ఆ తారీఖు దాటిపోతుంది. కాబట్టి విమానం. మద్రాసులో టిక్కెట్టు కొన్నాడు. మద్రాసు నుంచి బొంబాయికి ఒక చిన్న కంపెనీ విమానం, బొంబాయి నుంచి లండనుకు ఇంకో పెద్ద కంపెనీ విమానం. అంత డబ్బు పోసి కొన్న కాగితాన్ని ఎవరికన్నా చూపించుకోవాలిగా, ఊళ్లో విమానాల సంగతి తెలిసిన ఒకే ఒక్కణ్ణి పిలిపించాడు.

బాజీ అరుగు కింద నిలబడి టిక్కెట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయ్యగారూ, బొంబాయిలో ఏ ఫీల్డులో దిగుతారు?"

"బొంబాయి టిక్కెట్టుకి బొంబాయిలోనే దిగుతా. ఇంకెక్కడ దిగుతా?"

"బొంబాయికి రెండుండయ్యండీ. దీంట్లో దిగేకాడా బొంబాయే రాశారు, ఎక్కేకాడా బొంబాయే రాశారు. ఏ ఫీల్డో రాయలా."

పక్కనే గుమాస్తా కొండలు ఉన్నాడు. సాంబయ్యగారి దగ్గర పదిహేనేళ్లుగా లెక్కలు రాసేవాడు. యజమాని నవ్వబోతున్నాడని ముందే పసిగట్టి తను నవ్వడం అతని విద్య.

"ఏందయ్యా బాజీ, ఊరికి రెండు రైలు స్టేషన్లుంటయ్యా?"

"బొంబాయిలో రైలు స్టేషన్లు పాతికుండయ్, కొండలన్నా."

సాంబయ్యగారు నవ్వడం మానేశాడు. వ్యాపారస్తుడు, నష్టం వాసన దూరం నుంచే పడుతుంది. కూర్చోమన్నాడు. బాజీ మెట్టు మీద కూర్చుని వేలితో దుమ్ములో గీశాడు. ఇది సముద్రం, ఇది జుహూ, ఇది రైలు, ఇది శాంతాక్రూజ్. చిన్న కంపెనీల విమానాలు ఇంకా జుహూలోనే దిగుతున్నాయని విన్నానన్నాడు. లండను పోయే నాలుగింజన్ల విమానం బరువుకు జుహూ చాలదు, అది శాంతాక్రూజ్ నుంచే లేవాలి. కంపెనీలు వేరు గనుక ఒకరి బండి ఇంకొకరి ఫీల్డుకు తీసుకుపోదు. టాక్సీ మనమే చూసుకోవాలి.

"ఇదంతా నా ఊహండీ. ఊహ మీద ప్రయాణం పెట్టుకోగూడదు. మద్రాసు ఆఫీసుకి ఉత్తరం రాయించండి. దిగేది ఏది, ఎక్కేది ఏది, ఎన్ని గంటలకల్లా హాజరవ్వాల, మూడూ అడగండి."

వారంలో జవాబు వచ్చింది. బాజీ చెప్పింది చెప్పినట్టు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు జుహూలో దిగడం. లండను విమానం సాయంత్రం ఆరింటికి శాంతాక్రూజ్ నుంచి. పాస్‌పోర్టు, కస్టమ్సు, టీకాల కాగితాలు చూడాలి గనుక నాలుగింటికల్లా అక్కడ ఉండాలి, ఆ తర్వాత వస్తే ఎక్కించుకోరు. లండనుకు విమానం వారానికి ఒక్కటే. కొండలు ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి దారం కట్టి బీరువాలో భద్రం చేశాడు. భద్రం చేయడంలో అతన్ని మించినవాడు లేడు, కావలసినప్పుడు ఏదీ బయటికి రాదు.

ఆ రోజు సాంబయ్యగారు బాజీని లోపలి అరుగు మీద కూర్చోబెట్టాడు. "ఒరే బాజీ, నువ్వు ముందుగా రైల్లో బొంబాయి పో. నేను దిగేటప్పటికి టాక్సీ పెట్టుకుని అక్కడుండు. నన్ను లండను విమానం ఎక్కించే బాధ్యత నీది. ఈ బేరం కుదిరితే మన సరుకు బొంబాయి రేవులో ఓడెక్కాల. అక్కడ చూసుకోటానికి మనిషి కావాల. ఆ మనిషివి నువ్వే."

బాజీ ఇంటికి వచ్చి కుల్సుంకు చెప్పాడు. ఆమె పొయ్యి ముందు నుంచి లేవకుండానే విన్నది.

"బొంబాయిలో కుంటోళ్లకి ఉద్యోగం ఇస్తారా?"

"రేవులో సరుకు లెక్క చూసేదానికి కాలెందుకే. నోరు, కళ్లు చాలు."

"మరి నన్నూ తీసుకపోతావా?"

"నిన్ను ఇక్కడొదిలి నేనక్కడేం తింటా?" అన్నాడు బాజీ. రెండేళ్లలో అతను ఆ ఇంట్లో గట్టిగా నవ్వింది ఆ రోజే. అత్తగారింట్లో బతికే మగవాడి నవ్వు ఎంత చిన్నగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

చిక్కల్లా సాంబయ్యగారికి ఆ పేర్లు ఎక్కకపోవడంతో వచ్చింది. ఆయన నాలుక మీద పొగాకు గ్రేడులు వంద ఆడతాయి, శాంతాక్రూజ్ మాత్రం తిరగలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి విసుక్కున్నాడు. "పేర్లెందుకురా నాకు? దిగేది మొదటి ఫీల్డు, ఎక్కేది రెండో ఫీల్డు. చాలు." పెద్దమనిషి చాలన్నాక చాలదని ఎవరంటారు? ఆయన దగ్గర ఉంచుకోవడానికి బాజీ తెలుగులో రాసిన కాగితంలో అలాగే రాశాడు. మొదటి ఫీల్డులో దిగాలి. బాజీ టాక్సీతో ఉంటాడు. రైలు గేటు దాటి రెండో ఫీల్డుకు పోవాలి. నాలుగింటికల్లా హాజరు.

ఖర్మకాలి తను కనపడకపోతే టాక్సీవాడితో చెప్పడానికి ఒక హిందీ ముక్క కూడా నేర్పాడు. "దూస్రా ఏరోడ్రోమ్ చలో." ఇంకో విమానాల స్టేషనుకు పద అని. సాంబయ్యగారు ఆ ముక్కను రోజూ భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వల్లె వేశాడు. ఇంట్లో పిల్లలకు కూడా వచ్చేసింది.

బాజీ బయల్దేరాల్సిన రోజు సాంబయ్యగారింటికి సెలవు తీసుకోవడానికి వెళ్లాడు. అప్పటికే మబ్బులు పట్టాయి. రాత్రంతా పడుకోకుండా ఆలోచించిన సంగతి ఒకటి అతని నోట్లో ఉంది. జుహూ పల్లపు నేల. వానాకాలంలో ఒక గట్టి జల్లు పడితే నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే అక్కడ దిగాల్సిన విమానాల్ని శాంతాక్రూజ్‌లో దింపుతారు. యుద్ధం రోజుల్లో తను కళ్లారా చూశాడు.

సాంబయ్యగారు మంచి ఘడియ చూసుకుని ఆ ఉదయమే ప్రస్థానం కట్టాడు. అసలు ప్రయాణం నాలుగు రోజుల తర్వాత, అయినా మంచి ముహూర్తం పోకుండా ఒక బట్టల మూట పక్కింట్లో పెట్టి వస్తారు, బయల్దేరినట్టే లెక్క. తల్లి చెన్నమ్మగారు గుమ్మంలో నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. బాజీ వెళ్లి చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు.

"అయ్యగారూ, ఒకవేళ వాన పడి అక్కడ దిగే వీల్లేకపోతే..."

"నోరు ముయ్యరా." చెన్నమ్మగారి చెంబులో నీళ్లు తొణికాయి. "గుమ్మం దాటే మనిషితో దిగకపోతే ఏందిరా? ఆకాశంలో పోయే నా కొడుకుతో దిగకపోతే అంటావా? నోట్లోంచి మంచి మాట రాదా నీకు?"

"అది కాదమ్మా, నేననేది..."

"ఇంకోసారి ఆ మాటెత్తావా, ఈ ప్రయాణం సాగనియ్యను."

సాంబయ్యగారి ముఖం కూడా ముడుచుకుంది. కొండలు బాజీ భుజం పట్టి పక్కకు లాగాడు. "బయల్దేరే మనిషితో ఏం మాట్లాడాలో తెలవదా నీకు? పద, నీ రైలు టైమైంది."

బాజీ నోరు మూసుకున్నాడు. తప్పంటే అదీ తప్పు. ఆ ముసలామె ముందు కాకపోతే వీధి చివర, వీధి చివర కాకపోతే కాగితం మీద, ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఎలాగూ నేనే అక్కడ ఉంటాగా అనుకున్నాడు. ఉద్యోగం ఇవ్వబోయే ఇంట్లో అపశకునం మనిషి అనిపించుకోవడం ఎవడికి ఇష్టం? మన జనం విమానం టిక్కెట్టు కొంటారు గానీ ఆ విమానం గురించి ఒక్క అనుమానం పైకి అనడానికి ఒప్పుకోరు. అనుమానం అంటే అపశకునం, అపశకునం పలికినవాడు శత్రువు.

గుంతకల్లులో బొంబాయి మెయిలు పట్టుకున్నాడు. నైజాం ఇలాకాలో గొడవలు జరుగుతున్న రోజులు. ఆ స్టేషన్లు దాటేదాకా ముసుగు తన్ని పడుకుని, తర్వాత లేచి టీ తాగాడు. బొంబాయిలో పాత స్నేహితుడి గదిలో సామాను పడేసి, మర్నాడు రెండు ఫీల్డులకూ పోయి వచ్చాడు. జుహూలో అడిగాడు, మద్రాసు విమానం ఇక్కడికేనా అని. ఇక్కడికే. శాంతాక్రూజ్‌లో అడిగాడు, లండను విమానం ఇక్కడినుంచేనా అని. ఇక్కడినుంచే, నాలుగింటికి కౌంటరు మూస్తాం. గేటు దగ్గర నిలబడి రైళ్లు కూడా లెక్కపెట్టాడు. గేటు రెండుసార్లు పడినా ముప్పావుగంటలో చేరవచ్చు. చేతిలో రెండున్నర గంటలు. ఇంతకంటే జాగ్రత్తగా ప్రయాణం కుదిర్చినవాడు పల్నాడులోనే కాదు, మద్రాసులో కూడా ఉండడు.

ఆ రోజు పొద్దున పదకొండింటికే టాక్సీతో జుహూ చేరాడు. సన్నగా చినుకులు. పన్నెండింటికి అడిగాడు, వస్తుందన్నారు. ఒంటిగంటకు అడిగాడు, దారిలో మబ్బుల వల్ల ఆలస్యమన్నారు. రెండింటికి వాన దిగింది. బొంబాయి వానంటే మన వాన కాదు, పైనున్నవాడు కుండలతో కుమ్మరించడం మానేసి చెరువే తెగ్గొట్టినట్టుంటుంది. అరగంటలో మైదానం కొసన నీళ్లు తెల్లగా మెరిశాయి. బాజీ పాదంలో పాత నొప్పి మొదలైంది.

"సాబ్, శాంతాక్రూజ్‌లో దింపుతారా?" అని కిటికీలో ఉన్న గుమాస్తాను అడిగాడు.

"ఏమో, ఇంకా తెలియదు. తెలిస్తే చెబుతాం," అన్నాడతను.

బాజీకి అప్పుడే టాక్సీ ఎక్కి పోవాలనిపించింది. పోయాక విమానం ఇక్కడే దిగితే? బయట వానలో రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. రెండు ఫీల్డులున్న ఊళ్లో ఒక్క మనిషికి ఉన్న కష్టం అదే, ఎక్కడ నిలబడినా రెండోచోట లేనట్టే. మూడూ ఇరవైకి గుమాస్తా ఫోను పెట్టేసి తలెత్తాడు. మద్రాసు విమానం శాంతాక్రూజ్‌లో దిగి పది నిమిషాలైందన్నాడు.

బాజీకి ముందు కలిగింది భయం కాదు, సంతోషం. దిగాల్సిన చోటు తప్పి ఎక్కాల్సిన చోటే దిగాడు. ఆయన కదలకుండా కూర్చుంటే చాలు, పాతిక గజాల దూరంలో లండను విమానం కౌంటరు. అదృష్టమంటే ఇదేనని టాక్సీ ఎక్కి తలుపు వేసుకున్నాక, ఆ హిందీ ముక్క గుర్తొచ్చింది.

దూస్రా ఏరోడ్రోమ్ చలో.

సాంబయ్యగారు దిగిన చోటును మొదటి ఫీల్డు అనే అనుకుంటాడు. కాకపోతే ఎందుకనుకోడు? మొదట దిగింది మొదటి ఫీల్డేగా. బాజీ కనిపించడు. టాక్సీ ఎక్కుతాడు. రోజుకు రెండుసార్లు వల్లె వేసిన ముక్క చెబుతాడు. శాంతాక్రూజ్‌లో నిలబడి ఇంకో ఏరోడ్రోముకు పదమంటే ఏ టాక్సీవాడైనా జుహూకే తెస్తాడు.

"తొందరగా పోనీయ్ భయ్యా," అన్నాడు బాజీ.

గేటు పడి ఉంది. ఒక లోకల్ పోయింది. గేటు లేవలేదు. ఇంకో లోకల్ ఎదురు దిక్కు నుంచి వచ్చింది. వాన అద్దం మీద పారుతోంది. గేటుకు అవతల కూడా బళ్ల వరస. మూడూ నలభైకి గేటు లేచింది. రెండు వరసలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ కదిలాయి. సరిగ్గా పట్టాల మీద, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఎదురుగా వచ్చిన టాక్సీలో వెనక సీటులో సాంబయ్యగారు. ఒడిలో నమూనాల పెట్టె, తల మీద జరీ తలపాగా, ముఖంలో పని సవ్యంగా జరుగుతున్న మనిషి నిబ్బరం.

"అయ్యగారూ, ఆగండి. వెనక్కి తిప్పండి." బాజీ కిటికీలోంచి సగం బయటికి వేలాడి అరిచాడు. వానలో ఆయన అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడు. టాక్సీ దాటిపోయింది. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదంటారు. బాజీ ఆ రోజు గొంతు చిరిగేలా పిలిచాడు, వినపడలేదు గాబట్టి ఆ దోషం తగిలిందో లేదో దేవుడికే తెలియాలి.

బండి తిప్పుకోవడానికి గేటు దాటి చాలా దూరం పోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి గేటు మళ్లీ పడింది. జుహూ చేరేసరికి నాలుగు దాటింది. సాంబయ్యగారు మూసిన కౌంటరు ముందు తడిసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. గుమాస్తా ఏదో చెబుతున్నాడు, ఈయనకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. బాజీని చూడగానే లేచాడు.

"ఏడ చచ్చావురా ఇంతసేపు? రెండో ఫీల్డుకి నేనే వచ్చా. ఈడు లండను విమానం లేదంటాడు."

"అయ్యగారూ, ఇది మొదటిదండీ. మీరు దిగిందే రెండోది."

ఆ మాట సాంబయ్యగారికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక పెట్టె ఎత్తుకుని బాజీ తెచ్చిన టాక్సీ ఎక్కాడు. గేటు దగ్గర ఇంకో పావుగంట పోయింది. ఐదుంబావుకు శాంతాక్రూజ్‌లో కౌంటరు ముందు బాజీ చేతులు జోడించాడు, ఏడ్చాడు, తన పాదం చూపించాడు, తాను ఇక్కడే యుద్ధంలో పనిచేశానన్నాడు. కాగితాల మీద సంతకాలు అయిపోయాయి, ప్రయాణికుల లెక్క పైలటుకు ఇచ్చేశాం, ఇంక ఎవర్నీ చేర్చలేం అన్నారు. వాళ్లు చెప్పింది న్యాయమే. కంచె అవతల విమానం ఇంకా నిలబడే ఉంది. మెట్లు తీసేశారు. ఆరింటికి అది లేచి మబ్బుల్లోకి పోయింది. సాంబయ్యగారు చివరిదాకా చూశాడు.

తర్వాతి విమానం వారం తర్వాత. లండనుకు తంతి కొట్టారు. రెండు రోజుల్లో జవాబొచ్చింది, వేరే జిల్లా వ్యాపారి దగ్గర కొనేశాం, శ్రమపడొద్దని. తిరుగు రైల్లో సాంబయ్యగారు సెకండు క్లాసులో, బాజీ మూడో తరగతిలో. దారిలో ఏ స్టేషనులోనూ ఆయన కిందికి దిగలేదు, బాజీ రెండుసార్లు కిటికీ దగ్గరికి పోయి నిలబడి వచ్చేశాడు.

సాంబయ్యగారు ఇంటికి కొట్టిన తంతి పుణ్యమా అని ఊళ్లో కథ వాళ్లకంటే ముందే చేరింది. బాజీ వేరే ఫీల్డులో కూర్చుని అయ్యగారిని గాలికొదిలేశాడట. బాజీ నేర్పిన హిందీయే తప్పట. చెన్నమ్మగారు వీధిలో పోయేవాళ్లను ఆపి చెప్పింది, "ఆనాడే అన్నాడమ్మా పాడు నోటితో, దిగకపోతే అని. అన్నట్టే చేశాడు." జుహూ పల్లపు నేలని, వానకు విమానాల్ని మార్చి దింపుతారని, ఆ మాటే చెప్పబోతే నోరు మూయించారని బాజీ ఒకరిద్దరికి చెప్పి చూశాడు. విన్నవాళ్లు తలూపి, మరి ముందే తెలిసినవాడివి కాగితంలో ఎందుకు రాయలేదన్నారు. రాత్రుళ్లు అతన్ని కొరికింది ఊరి మాటలు కాదు, ఈ ఒక్క ప్రశ్న. ఉద్యోగం మీద ఆశతో మాట మింగాడు. మింగినందుకు ఉద్యోగమే పోయింది.

కుల్సుం ఒక్కసారి మాత్రం అడిగింది. "బొంబాయి సంగతి ఇంక లేనట్టేనా?"

"లేనట్టే."

ఆమె మూట కట్టి ఉంచిన రెండు కొత్త గిన్నెలు విప్పి అటక మీద పెట్టింది.

ఆరు నెలలకు సాంబయ్యగారికి ఇంకో బేరం తగిలింది. మళ్లీ లండను, మళ్లీ అదే దారి. ఈసారి ముందుగా బొంబాయి పోయే మనిషి కొండలు. బేరం కుదిరితే రేవులో ఉండే మనిషీ కొండలే. ఒకరోజు సందె వేళ కొండలు మోటారు షెడ్డు వెనక్కి వచ్చాడు. వస్తూ అటూ ఇటూ చూసుకున్నాడు.

"బాజీ తమ్ముడూ, ఆ ఫీల్డుల యవ్వారం కాస్త రాసియ్యి. నాకేం తెలుసు?"

ఇన్నాళ్లలో కొండలు అతన్ని తమ్ముడూ అనడం అదే మొదలు. బాజీ చేతులు తుడుచుకుంటూ అతని ముఖం వంక చూశాడు. ఒక్క గీత అటూ ఇటూ రాస్తే చాలు, ఆ జరీ తలపాగా మళ్లీ జుహూలో పెట్టె మీద కూర్చుంటుంది. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, తియ్యగా కూడా ఉంది. కానీ ఒక మనిషిని తెలిసి తెలిసి తప్పు ఫీల్డుకు పంపడానికి అతని చెయ్యి రాలేదు. మూడేళ్లు ఆ గేటు దగ్గర నేర్చుకున్న విద్య అది ఒక్కటే, దాన్ని కూడా పాడు చేసుకుంటే ఇంకేం మిగులుతుంది?

రాసిచ్చాడు. ఈసారి మొదటిది, రెండోది అని రాయలేదు. రెండు పేర్లూ తెలుగులో పెద్ద అక్షరాలతో, కింద ఇంగ్లీషులో షెడ్డు యజమానితో రాయించి పెట్టాడు. టాక్సీవాడికి ఆ పేరున్న ముక్కే చూపించాలి, నోటితో ఏమీ చెప్పొద్దు. ఎవరూ కనపడకపోతే చిన్న కంపెనీ కౌంటరు దగ్గరే కూర్చోవాలి, కదలొద్దు. వాన పడితే దిగే చోటు మారవచ్చు. ఆఖరున గీత గీసి ఇంకో మాట రాశాడు. విమానం దిగిన వెంటనే, ఇంకేం చేయకముందు, ఇది ఏ ఫీల్డు అని అడగండి.

సాంబయ్యగారు ఈసారి లండను చేరాడు. బేరం కుదిరింది. కొండలు కుటుంబంతో బొంబాయి పోయాడు. ఊళ్లో దీపావళి చేసినంత పని చేశారు.

ఆ తర్వాత ఒకరోజు సాంబయ్యగారి కారు చెడి షెడ్డుకు వచ్చింది. బాగుచేసే లోపల ఆయన బల్ల మీద కూర్చున్నాడు. బాజీ స్పానరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పాత కోపం ఏమీ లేనట్టే ఉంది ఆయన ముఖంలో, గెలిచినవాళ్లకు కోపం ఎందుకుంటుంది? జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మడతల మీద నలిగి ఉంది. కొండలు చేతి రాత. మాట మాట బాజీదే, గీతతో సహా.

"చూడరా ఇది. మా కొండలు రాసిచ్చాడు. పేర్లు, గేటు, వాన పడితే ఏం చెయ్యాలో, అన్నీ ఉండయ్. దిగంగానే ఇది ఏ ఫీల్డని అడగమన్నాడు. అడిగా. ఈసారి జుహూలోనే దింపారనుకో, అయినా అడిగా. ఆ ఒక్క మాట ఆనాడు నువ్వు చెప్పుంటే నాకు ఆ మొదటి బేరం పోయేది కాదు."

బాజీ నూనె చేతులు అంటకుండా కాగితాన్ని కొసలతో పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఎక్కడా తప్పు లేదు.

"బాగా రాశాడు అయ్యగారూ," అన్నాడు, మడిచి వెనక్కి ఇచ్చేస్తూ.